నిలువు ఫోటో

ఆల్బమ్ పేజీకి అతుక్కుపోయిన ఫోటోని సుజాత గోటితో లేపబోతే రవి చెయ్యి అడ్డం పెట్టాడు.

"లాగీకు. జిగురు ముప్ఫై ఏళ్లు పండింది. ఊడొస్తే పై పొర నీ గోటికే ఉంటాది."

పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నదారం రెండు వేళ్లకి చుట్టి, ఫోటో కింద పెట్టి రంపంలా అటూ ఇటూ ఆడించాడు. పది నిమిషాలు పట్టింది. కింది మూల కాస్త పొరలేచింది గానీ మిగతాదంతా దక్కింది. నెగెటివ్‌లు ఉంటే ఈ తిప్పలు లేవు. అవి హుద్‌హుద్ వచ్చిన రోజు అటక మీద నీళ్లలో నాని, ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి.

1993 మే నెల, ఆర్కే బీచ్. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు. అమ్మమ్మ, పెద్దమ్మ, సుజాత వాళ్లమ్మ, పదకొండేళ్ల రవి, నాలుగేళ్ల సుజాత. వాళ్లమ్మ పక్కన తెల్ల చొక్కా వేసుకుని, పంచె పైకి కట్టిన ఒకాయన. ఎవరో తెలీదు. అమ్మమ్మని అడిగితే నిన్న ఒక పేరు చెప్పింది, ఇవాళ ఇంకో పేరు చెప్పింది.

"ఈయన్ని తీసీ అన్నయ్యా. ఆదివారం అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి హాల్లో పెడతాం. వచ్చినోళ్లందరూ ఇతనెవరని అడుగుతారు."

డాబాగార్డెన్స్‌లో రవి షాపు ఫోటో ఫ్రేములు, లామినేషన్లది. తీసెయ్యడం అతనికి రోజూ ఉన్న పనే. విడాకులైన అల్లుళ్లు, పెళ్లిలో వంటవాడు, వెనక నిలబడిన స్కూటర్లు... లెక్కలేదు.

ఫోటోని స్కానర్ మీద బోర్లించాడు. సిల్కు ఫినిష్ ప్రింటు అది. స్కానర్ వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి ఆ తేనెపట్టు గళ్లన్నీ మెరుస్తాయి. అందుకని 600 డీపీఐలో ఒకసారి తీసి, ఫోటోని తలకిందులుగా తిప్పి మళ్లీ తీశాడు. రెండోదాన్ని కంప్యూటర్‌లో సరిచేసి, మొదటిదాని మీద లేయర్‌గా పరిచి, దాని ఒపాసిటీ సగానికి తగ్గించాడు. ఒకదాని మెరుపు రెండోదాని నీడలో కలిసి గళ్లు చాలావరకు మాసిపోయాయి. 2400 బై 3600 పిక్సెళ్లు. పన్నెండు బై పద్దెనిమిదికి పెంచితే అంగుళానికి రెండొందలు వస్తాయి. గోడకి సరిపోతుంది. ఎరుపు తిరిగిన రంగుని ఆకాశం తేరుకునేదాకా తగ్గించాడు.

"ఇప్పుడు చూడు. ఆకాశం ముందున్న తల తీయడం తేలిక. సముద్రం గీత తెగకూడదు, అది తల ఈ పక్కన ఉన్నంత ఎత్తులోనే ఆ పక్కనా కలవాలి. తర్వాత అలలు. దగ్గర అల పెద్దది, దూరం అల చిన్నది. అందుకని క్లోన్ స్టాంప్‌తో ఏ ఎత్తులో అతికిస్తున్నామో ఆ ఎత్తు నుంచే తీసుకోవాలి. పైదెత్తి కింద పెడితే నీళ్లు ఎత్తుకొచ్చిన బకెట్‌లా ఉంటాయి. ఒకే నురగ రెండుసార్లు కనిపించినా కన్ను పట్టేస్తాది."

"నీకొచ్చు కదా. చెయ్యి."

"పిన్ని భుజం మీద చీర అంచు చేత్తో గీసి విడదియ్యాలి, అది అరగంట. అదీ అవుతుంది." మౌసు కిందికి జరిపాడు. "అవనిది ఇది."

బొమ్మని వంద శాతానికి పెంచాడు. నాలుగేళ్ల సుజాత తల వెనక్కి వంచి, నోరు తెరిచి, ఆ తెల్ల చొక్కా ఆయన మొహం కేసి చూస్తోంది.

"ఈయన్ని తీసేస్తే నువ్వు ఎవర్ని చూస్తున్నట్టు? కాకినా?"

సుజాత వెంటనే జవాబు చెప్పలేదు. బ్యాగ్‌లోంచి కాగితం కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో వాళ్ల అమ్మానాన్నల పెళ్లి ఫోటో.

"నాన్నని."

రవి ఫోటోని దీపం కిందికి తెచ్చాడు. స్టూడియోలో తీసినది, ఎడమ పక్క నుంచి మెత్తటి వెలుగు.

"ఇది అతకదు సుజీ. ఇందులో వెలుగు పక్క నుంచి. బీచ్‌లో సాయంత్రం సూర్యుడు ఊరి వైపు, అంటే మొహాల మీదికి తిన్నగా. అందరూ కళ్లు చికిలించారు చూడు. బాబాయి ఒక్కడే హాయిగా చూస్తాడు. పైగా పెళ్లినాటికి ఇరవై నాలుగేళ్లు. పిన్ని పక్కన తమ్ముడిలా ఉంటాడు."

"ఎవరు చూస్తారన్నయ్యా అంత పట్టిపట్టి?"

"నువ్వు చూస్తావు. రోజూ."

"అయితే ఏటంటావు?" ఆమె గొంతు పెరిగింది. "ఆల్బమ్ మొత్తం వెతికాను. భీమిలి, సింహాచలం, బొర్రా గుహలు. మీ నాన్న అన్నిట్లో ఉన్నాడు. మా నాన్న ఒక్కదాన్లో లేడు. ముక్కూ మొహం తెలీనాయన మా అమ్మ పక్కన నిలబడి నవ్వొచ్చు, ఆయన చోట మా నాన్న ఉండకూడదు. నీ పనితనానికి మచ్చొస్తాదని!"

"పనితనం కాదే."

"మరేటి?"

"కెమెరా ఎవరి చేతిలో ఉంది?"

సుజాత మాట్లాడలేదు.

"ఇంకో రెండడుగులు వెనక్కి, ఇంకో రెండడుగులు వెనక్కి అని బాబాయి మమ్మల్ని తడి ఇసకలోకి తోసుకుపోయాడు. ఈ తెల్ల చొక్కా ఆయన ముందునుంచీ అక్కడే ఉన్నాడు. మనమే పోయి ఆయన్ని కలిపేసుకున్నాం. జరగబోతే, ఉండనీ అన్నాడు బాబాయి."

"నీకు గుర్తుంది. నాకు లేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గుర్తున్నోళ్లకి ఫోటో ఎందుకు?"

దానికి రవి దగ్గర జవాబు లేదు. బయట ఎవరో ఆధార్ లామినేషన్ అని పిలిస్తే వెళ్లి చేసిచ్చి వచ్చాడు. వచ్చేసరికి ఆమె ఫ్రేము బయటికి తీసి ఉంది. పన్నెండు బై పదిహేను, టేకు రంగు.

"సరే, ఈయన్ని ఉంచీ. దీనికి పట్టేలా కొయ్యి. పైన ఆకాశం కాదు, కింద తీసీ. ఆ నల్ల మరకొకటి, అసయ్యంగా ఉంది."

రవి బొమ్మని కిందికి జరిపాడు. ప్రింటులో అడుగు అంగుళం మేర నల్లగా ఉంది. పెద్దది చేస్తే మూడంగుళాలు. పద్దెనిమిదిలో మూడు పోతే పదిహేను, సరిగ్గా ఆ ఫ్రేము.

కొయ్యలేదు. కర్వ్స్ తెరిచి, నల్లటి భాగాన్ని మాత్రమే ఎంచి, నెమ్మదిగా పైకి ఎత్తాడు. చీకట్లో గింజలు తేలాయి. మరీ ఎత్తితే పొగలా అవుతుందని కాస్త దించాడు. మరకకి అంచులు వచ్చాయి. ఇసక మీద సాగిన రెండు కాళ్లు. బయటికి వంగిన రెండు మోచేతులు. మొహం ముందు ఎత్తిపట్టిన చేతులు, వాటి కింద గాలికి వేలాడే పట్టీ. తల నీడ పోయి నాలుగేళ్ల పిల్ల చెప్పుల దగ్గర ఆగింది.

సుజాత కుర్చీ ముందుకి లాక్కుంది. వేలు తెర మీద పెట్టబోయి, మచ్చ పడుతుందని తీసేసింది.

"జుట్టు లేచి ఉంది," అంది.

"బీచ్ గాలి."

చాలాసేపు చూసింది. పెళ్లి ఫోటోని కవర్లో పెట్టి మడిచింది.

"పన్నెండు బై పద్దెనిమిది ఫ్రేము ఉందా నీ దగ్గర?"

"ఉంది. అద్దం కొయ్యాలి."

"దీన్ని వాపసు తీసుకుంటావా?"

"నా దగ్గర కొన్నావేటి?"

"కాదు, జగదాంబ దగ్గర."

"బిల్లుందా?" అన్నాడు రవి, మౌసు కదుపుతూ. ప్రింటుకి పంపే ముందు కింది మూల పొరలేచిన చోట హీలింగ్ బ్రష్ పెట్టాడు. ఆ ఒక్క మూలే.