విషయం: డిశ్చార్జి బిల్లులో మా పొరపాటు, సవరించిన మొత్తం రూ. 62,344

విజయనగరం
18 జూన్ 2025

అప్పలనరసమ్మ గారికి,
గజపతినగరం మండలం.
ఐపీ నంబరు 2417

నమస్కారమండి.

పిత్తాశయం ఆపరేషన్ కోసం మీరు ఈ నెల 9న మా ఆసుపత్రిలో చేరి 13న ఇంటికి వెళ్లారు. వెళ్లేటప్పుడు మీ చేతికిచ్చిన రూ. 68,430 బిల్లు తప్పు. మీరు కట్టాల్సింది రూ. 62,344. ఎక్కువగా తీసుకున్న రూ. 6,086 మీకు తిరిగి ఇచ్చేస్తున్నాం. జరిగినదానికి క్షమించండి.

మీ అబ్బాయి 16న ఫోన్ చేసి, "మా అమ్మ ఒక్కర్తే కదా, రెండు మంచాలకు అద్దె ఎలా వేశారు?" అని అడిగారు. కౌంటర్‌లో ఉన్నవారు బిల్లు తెరిచి చూడకుండానే "సిస్టమ్‌లో అలాగే వస్తుందండి" అనేశారు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఆ జవాబు ఇచ్చినందుకు కూడా ఆయనకు మా తరఫున క్షమాపణ చెప్పండి.

జరిగింది ఇది. 9 సాయంత్రం 6:40కి మీకు జనరల్ వార్డులో మంచం ఇచ్చాం. 10న ఆపరేషన్ అయ్యాక రాత్రి 7 గంటలకు షేరింగ్ రూమ్‌కి మార్చాం. అప్పుడు వార్డు మంచం ఖాళీ అయినట్టు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. చేయలేదు. దాంతో మీరు ఇంటికెళ్లేదాకా రెండు మంచాలూ మీ పేరు మీదే నడిచాయి. నర్సింగ్, డ్యూటీ డాక్టరు చార్జీలు మంచాన్ని బట్టి రోజువారీగా పడతాయి కనుక అవి కూడా రెండుసార్లు పడ్డాయి.

వార్డు మంచం రోజుకు రూ. 900. ఒక్క రోజుకు వేయాల్సింది నాలుగు రోజులకు వేశాం, రూ. 2,700 ఎక్కువ.
నర్సింగ్ రోజుకు రూ. 300. నాలుగు రోజులకు బదులు ఏడు రోజులు పడింది, రూ. 900 ఎక్కువ.
డ్యూటీ డాక్టరు రోజుకు రూ. 400. ఇదీ నాలుగుకు బదులు ఏడు, రూ. 1,200 ఎక్కువ.

మంచం లెక్కలో తేడా మొత్తం రూ. 4,800. షేరింగ్ రూమ్ మూడు రోజులకు వేసిన రూ. 5,400 సరిగ్గానే ఉంది, అందులో మార్పు లేదు.

ఈ ఒక్కటీ సరిచేసి వదిలేయకుండా బిల్లంతా వరుసగా చూస్తే ఇంకో తప్పు దొరికింది. 13 ఉదయం మీరు వాడకుండా మిగిలిన మూడు సెలైన్ సీసాలు, నాలుగు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ఆరు సిరంజిలు నర్సు ఫార్మసీకి తిరిగి ఇచ్చారు. వాటి విలువ రూ. 1,286. ఆ రిటర్న్ స్లిప్ 11:20కి పడింది, మీ బిల్లు మాత్రం 10:52కే ముగించేశాం. రిటర్నులు వచ్చాకే బిల్లు ముగించాలి, మేం ఆగలేదు. 12 సాయంత్రం చేసిన డ్రెస్సింగ్ రూ. 250 మాత్రం బిల్లులో వేయడం మరిచాం. అది మిమ్మల్ని అడగం, పై లెక్కలో కలపనూ లేదు.

చేరిన రోజు మీరు నగదుగా రూ. 25,000 అడ్వాన్సు కట్టారు. మిగతా రూ. 43,430 డిశ్చార్జి రోజు మీ అబ్బాయి యూపీఐ ద్వారా పంపారు. రిఫండ్ ఆయన పంపిన ఖాతాకే, 24వ తేదీ మంగళవారంలోగా చేరుతుంది. ఇందుకోసం మీరు బస్సెక్కి రానక్కర్లేదు. ఎవరైనా ఫోన్ చేసి రిఫండ్ కోసం ఓటీపీ గానీ, పిన్ గానీ అడిగితే చెప్పకండి. డబ్బు వేయడానికి మాకు అవేవీ అవసరం లేదు. 24 దాటినా జమ కాకపోతే బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి ఐపీ నంబరు చెప్పండి, చాలు.

నగదే కావాలంటే, డబ్బు అబ్బాయి ఖాతా నుంచి వచ్చింది కనుక ఆయన సంతకంతో ఒక కాగితం, అసలు రసీదు తెచ్చి 20లోగా కౌంటర్‌లో ఇవ్వండి. ఆ తర్వాతైతే డబ్బు ఖాతాకు వెళ్లిపోయి ఉంటుంది.

ఆఫీసు ఇన్సూరెన్సులో క్లెయిమ్ పెడతానని మీ అబ్బాయి అన్నారు. పాత బిల్లు రద్దయింది, దాన్ని పెట్టవద్దు. ఈ ఉత్తరంతో పాటు సవరించిన బిల్లు, ఫార్మసీ రిటర్న్ స్లిప్ నకలు పంపుతున్నాం. ఇప్పటికే పాతది పెట్టేసి ఉంటే ఈ మూడూ అదే క్లెయిమ్ నంబరుకు జత చేయమనండి. బిల్లుకూ రసీదులకూ లెక్క కుదరకపోతే వాళ్లు ఫైలు ఆపేస్తారు.

ఈ పొరపాటు డబ్బు లెక్కలోనే, మీ వైద్యంలో కాదు. మందులు డాక్టరు రాసినట్టే వాడండి. 20న శుక్రవారం కుట్లు విప్పించుకోవడానికి తప్పకుండా రండి, దానికి విడిగా డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆ రోజు లెక్కలో ఏ వరుస అర్థం కాకపోయినా కౌంటర్ దగ్గర నిలబడకుండా నేరుగా బిల్లింగ్ గదిలోకి రండి, కూర్చోబెట్టి చూపిస్తాం.

ఇట్లు,
బిల్లింగ్ విభాగం ఇన్‌చార్జి

జతచేసినవి: సవరించిన బిల్లు, ఫార్మసీ రిటర్న్ స్లిప్ నకలు