యాంటీసైకోటిక్ మందులు వాడే పేషెంట్లకి బరువు, నడుము, షుగర్, కొలెస్టరాల్ చూస్తున్నామా? కడప జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీలో రెండు విడతల క్లినికల్ ఆడిట్

నేపథ్యం: ఒలాంజపిన్, క్లోజపిన్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే బరువు పెరగడం, తర్వాత షుగర్, ట్రైగ్లిజరైడ్స్ పెరగడం అందరం చూస్తున్నదే. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌తో కొంచెం తక్కువ, అరిపిప్రజోల్‌తో ఇంకా తక్కువ. 2004లో అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి మందు మొదలుపెట్టేముందు, మళ్లీ 12 వారాలకి ఏమేం చూడాలో స్పష్టంగా చెప్పాయి. మనవాళ్లకి పొట్ట దగ్గర కొవ్వు చేరడం ఎక్కువ కాబట్టి నడుము కొలత మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80 సెం.మీ. దగ్గరే జాగ్రత్త పడాలి.

ఉద్దేశం: మా ఓపీలో ఈ కొలతలు, పరీక్షలు నిజంగా ఎంతమందికి జరుగుతున్నాయో చూడటం, జరగకపోతే ఎక్కడ ఆగిపోతున్నాయో పట్టుకోవడం.

పద్ధతి: మూడు నెలలకు పైగా యాంటీసైకోటిక్ వాడుతున్న 80 మంది కేస్ షీట్లు వరుసగా తీసి, గత ఏడాదిలో బరువు, బీపీ, నడుము, ఫాస్టింగ్ షుగర్, లిపిడ్స్ ఒక్కసారైనా రాశారా లేదా అని చూశాం. మార్పులు చేసిన ఆరు నెలలకి ఇంకో 80 షీట్లు, అప్పుడు ఆ ఆరు నెలల్లో రాసినవే లెక్క. పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోలేదు.

మొదటి విడత: బీపీ 57 మందికి, బరువు 46, ఫాస్టింగ్ షుగర్ 21, లిపిడ్స్ 9, నడుము ముగ్గురికి. ఐదూ ఉన్నవాళ్లు ఇద్దరే. చూడాలని తెలియని డాక్టర్ ఎవరూ లేరు, ఆగింది వేరేచోట. ఓపీ గదిలో టేపు లేదు, బరువు మిషన్ వేరే వార్డులో ఉంది. రాయచోటి, బద్వేలు వైపు నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చేవాళ్లు బస్టాండ్‌లో ఇడ్లీయో టీయో తాగేసి వస్తారు, ఇక ఫాస్టింగ్ ఎక్కడిది, ఇంకోరోజు రమ్మంటే కూలి పోతుంది కాబట్టి రారు.

మార్పులు: టేపుని డాక్టర్ టేబుల్‌కే కట్టేశాం, బరువు మిషన్ చీటీ రాసే కౌంటర్ పక్కకి తెచ్చాం. "వచ్చేసారి ఏం తినకుండా రండి, బ్లడ్ ఇచ్చాక తినండి" అని మందుల చీటీ మీద తెలుగులో ముద్ర వేసి, వెంట వచ్చిన అమ్మకో అన్నకో చదివి వినిపించాం. ఐనా తినేసి వచ్చినవాళ్లకి హెచ్‌బిఏ1సి పంపాం, అది విడిగా లెక్కపెట్టాం.

రెండో విడత: బీపీ 76, బరువు 73, నడుము 51, ఫాస్టింగ్ షుగర్ 46, లిపిడ్స్ 27, ఐదూ ఉన్నవాళ్లు 22. ఫాస్టింగ్ చూసిన 46 మందిలో ఏడుగురికి 126 లేదా అంతకన్నా ఎక్కువ, వాళ్లలో ఐదుగురికి అంతకుముందు షుగర్ ఉన్నట్టే తెలియదు. మళ్లీ టెస్ట్ చేసి నిర్ధారించుకోమని అందరినీ జనరల్ మెడిసిన్‌కి పంపాం.

అభిప్రాయం: ఎక్కువ మేలు చేసింది క్లాసులు కాదు, టేపు, ముద్ర. లిపిడ్స్ మాత్రం ఇంకా వెనకే, రీఏజెంట్ అయిపోయిన వారాల్లో అసలు జరగలేదు. ఒకే ఆసుపత్రి, చిన్న సంఖ్య, పైగా రెండు విడతల్లో పేషెంట్లు వేరు, కాబట్టి బరువు తగ్గిందా పెరిగిందా అని దీంతో చెప్పలేం. ఈ ఐదింటిలో రెండు కంటే ఎక్కువ తేడాగా వచ్చినవాళ్లకి మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్న నిర్ణయం షీట్‌లో రాస్తున్నామా అనేది మూడో విడతలో చూస్తాం.