సంకల్పం: పూజకు ముందు చెప్పే ఆ నాలుగు వాక్యాల్లో ఏముంది?

పూజ మొదలైన ఐదు నిమిషాలకు పురోహితుడు ఆగి "మీ గోత్రం?" అని అడుగుతాడు. అక్కడున్నది సంకల్పం. చాలామందికి అందులో తమ పేరు వినబడే ఆ క్షణమే గుర్తుంటుంది, మిగతాది ప్రవాహంలా పోతుంది. నిజానికి అదంతా ఒకే ఒక్క వాక్యం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకు, ఏం చేయబోతున్నారు అన్నవన్నీ చెప్పి, చివర "కరిష్యే" (చేస్తాను) అనే క్రియతో ముగుస్తుంది. ముందున్నదంతా ఆ క్రియకు విశేషణమే.

వ్రతానికి ఆరంభం సంకల్పమేనని ధర్మశాస్త్రం లెక్క. పీట వేసినప్పుడో, దీపం వెలిగించినప్పుడో వ్రతం మొదలైనట్టు కాదు. అందుకే సంకల్పానికి ముందు జాతాశౌచమో మృతాశౌచమో వచ్చిందని తెలిస్తే పూజ మొదలుపెట్టరు. సంకల్పం అయ్యాక తెలిస్తే మొదలైన వ్రతాన్ని నడుపుకోవచ్చంటారు. మాట ఇచ్చేశాం కదా!

చేసే పద్ధతి ఇది. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక కుడి చేతిలో చిటికెడు అక్షతలు, ఒక పువ్వు తీసుకోవాలి. ఎడమ అరచేతిని కింద ఉంచి, కుడి అరచేతిని దాని మీద పెట్టి, రెండూ కుడి మోకాలిపై ఆనించాలి. "కరిష్యే" అనగానే ఉద్ధరిణెతో చేతిలో నీళ్ళు పోసుకుని అక్షతలతో సహా అరివేణంలో వదలాలి. నీళ్ళు వేళ్ళ కొసల నుంచి జారాలి, అది దేవతీర్థం. బొటనవేలికి, చూపుడువేలికి నడుమ నుంచి వదిలితే పితృతీర్థం అవుతుంది, అది తర్పణాలకు. తొందరలో చెయ్యి పక్కకు వంచేవాళ్ళు చేసే పొరపాటు ఇదే. అక్షతల్లో నూకలు ఉండకూడదు. క్షతం కానిదే అక్షత, పేరులోనే ఉంది.

ఇప్పుడు నమూనా. 2025 ఆగస్టు 27 బుధవారం, వినాయక చవితి. హైదరాబాదులో సొంత ఇంట్లో, భారద్వాజ గోత్రానికి చెందిన వేంకటరమణ భార్య లలితతో కలిసి పూజకు కూర్చున్నాడనుకుందాం:

"మమ ఉపాత్త సమస్త దురితక్షయద్వారా శ్రీపరమేశ్వరముద్దిశ్య శ్రీపరమేశ్వర ప్రీత్యర్థం, శుభే శోభనే ముహూర్తే, శ్రీమహావిష్ణోరాజ్ఞయా ప్రవర్తమానస్య అద్య బ్రహ్మణః ద్వితీయపరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య వాయవ్యప్రదేశే, కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే, స్వగృహే, సమస్త దేవతా బ్రాహ్మణ హరిహర గురు చరణ సన్నిధౌ, అస్మిన్ వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన శ్రీవిశ్వావసు నామ సంవత్సరే, దక్షిణాయనే, వర్షఋతౌ, భాద్రపదమాసే, శుక్లపక్షే, చతుర్థ్యాం తిథౌ, సౌమ్యవాసరే, శుభనక్షత్రే, శుభయోగే, శుభకరణే, ఏవంగుణ విశేషణ విశిష్టాయాం శుభతిథౌ, భారద్వాజ గోత్రః వేంకటరమణ నామధేయః ధర్మపత్నీ సమేతః అహం, అస్మాకం సహకుటుంబానాం క్షేమ స్థైర్య విజయ అభయ ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం, శ్రీవరసిద్ధివినాయక దేవతా ప్రీత్యర్థం, యావచ్ఛక్తి ధ్యానావాహనాది షోడశోపచార పూజాం కరిష్యే."

లలిత ఒక్కతే పూజ చేసుకుంటే "భారద్వాజ గోత్రవతీ లలితా నామధేయవతీ అహం" అంటుంది. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవడం ఆచారం.

కాలం చెప్పే భాగం పెద్ద లెక్కతో మొదలవుతుంది. బ్రహ్మ ఆయుర్దాయంలో సగం గడిచి రెండో సగం నడుస్తోంది కనుక ద్వితీయపరార్ధం. పద్నాలుగు మన్వంతరాల్లో ఇది ఏడోది, వైవస్వతం. కలియుగం 4,32,000 ఏళ్ళు, పాదానికి 1,08,000. కలి మొదలై సుమారు 5,100 ఏళ్ళే అయింది కాబట్టి "ప్రథమపాదే" అన్న మాట మన మునిమనవల మునిమనవలకీ మారదు. సంవత్సరం దగ్గర్నుంచి మాత్రం రోజురోజుకూ చూసుకోవాలి. సంవత్సరం ఉగాదికి, అయనం మకర, కర్కాటక సంక్రాంతులకు, ఋతువు రెండు నెలలకోసారి మారతాయి. వారం మారేది సూర్యోదయానికి, అర్ధరాత్రి పన్నెండుకు కాదు. శివరాత్రి తెల్లవారుజామున అభిషేకం చేసేవాళ్ళు ఇక్కడ తడబడతారు.

ఎక్కువ తప్పులు ఫోన్‌లోని పంచాంగం వల్ల వస్తున్నాయి. మనది అమాంత మాసం, అమావాస్యతో నెల ముగుస్తుంది. ఉత్తరాదిది పూర్ణిమాంతం. శుక్లపక్షంలో నెల పేరు ఇద్దరికీ ఒకటే, బహుళపక్షంలో మాత్రం వాళ్ళది ఒక నెల ముందుంటుంది. మన శ్రావణ బహుళాష్టమి, అంటే కృష్ణాష్టమి, అక్కడ భాద్రపదంలో పడుతుంది. సంవత్సరం పేరు కూడా తేడాగా కనిపిస్తుంది. తెలుగు పంచాంగమే చూడండి. అధికమాసం వస్తే ఆ మాట కూడా చెప్పాలి: 2026లో "పరాభవ నామ సంవత్సరే, అధిక జ్యేష్ఠమాసే". కొత్తగా కామ్యవ్రతాలు పట్టడానికి ఆ నెల పనికిరాదు.

దేశం చెప్పే భాగంలో శ్రీశైలం నుంచి మీ ఊరు ఏ దిక్కున ఉందో అదే చెప్పాలి. హైదరాబాదుకు వాయవ్యం, రాజమహేంద్రవరానికి ఈశాన్యం. నదుల దగ్గర కూడా జాగ్రత్త. గుంటూరు కృష్ణకు దక్షిణాన ఉంది, అక్కడ "కృష్ణాగోదావర్యోః" అనడం కుదరదు, "కృష్ణాకావేర్యోర్మధ్యదేశే" అనాలి. పుస్తకంలో అచ్చయినదాన్ని చదివేయడం వల్లే ఈ తప్పు. అద్దె ఇంట్లో ఉంటే "స్వగృహే" బదులు "వసతిగృహే" అంటారు. అమెరికాలో పూజ చేయించే పురోహితులు కొందరు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం చెబుతారు.

తిథి, వారం పేర్లు సంస్కృత రూపాల్లో ఉండాలి. "చవితి తిథౌ" కాదు, "చతుర్థ్యాం". విదియకు ద్వితీయాయాం, పున్నమికి పూర్ణిమాయాం. వారాలు వరుసగా భాను, ఇందు, భౌమ, సౌమ్య, గురు, భృగు, స్థిర. నక్షత్రం తెలియకపోతే "శుభనక్షత్రే" అంటే సరిపోతుంది, ఊహించి వేరేది చెప్పకండి.

"కరిష్యే" గురించి ఒక మాట. సంస్కృతంలో ఫలం చేసేవాడికే దక్కితే ఆత్మనేపదం, మరొకరికైతే పరస్మైపదం. మీ కోసం మీరు చేస్తే కరిష్యే. మీ తరఫున వేరొకరు చేస్తూ తాను చెప్పుకుంటే కరిష్యామి. ఇద్దరికి మించి కలిసి చేస్తే కరిష్యామహే.

కోరిక దగ్గర కొలత తప్పవద్దు. నిత్యపూజకు పరమేశ్వర ప్రీత్యర్థం ఒక్కటీ చాలు. కామ్యమైతే కోరిక ఒకటి చాలు, జాబితా చదవనక్కర్లేదు. సంఖ్య చెబితే దానికి కట్టుబడాలి. "సహస్రనామార్చన" అని సంకల్పించి అష్టోత్తరంతో లేవడం కంటే ముందే అష్టోత్తరం అనడం మేలు. "యావచ్ఛక్తి" అన్న మాట ఉన్నది ఉపచారాల్లో లోటుకు, సంఖ్యలో కోతకు కాదు.

వినాయకచవితికి సంకల్పం రెండుసార్లు వస్తుంది. ముందు పసుపు గణపతికి, తర్వాత వరసిద్ధివినాయకుడికి. రెండోసారి మళ్ళీ శ్వేతవరాహకల్పం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు: "పూర్వోక్త ఏవంగుణ విశేషణ విశిష్టాయాం శుభతిథౌ" అని, చేయబోయే పూజ పేరు చెప్పి నీళ్ళు వదలాలి. వెంటనే "తదంగ కలశారాధనం కరిష్యే" అని కలశం దగ్గరకు వెళ్తారు.

సంస్కృతం నోరు తిరగకపోతే తెలుగులోనే ఇలా చెప్పుకోవచ్చు: "విశ్వావసు సంవత్సరం, భాద్రపద శుద్ధ చవితి, బుధవారం నాడు, హైదరాబాదులోని మా ఇంట్లో, భారద్వాజ గోత్రీకుడనైన వేంకటరమణ అనే నేను, నా భార్య లలితతో కలిసి, మా కుటుంబ క్షేమం కోరి, వరసిద్ధివినాయకుని ప్రీతి కోసం నాకు చేతనైనంతలో షోడశోపచార పూజ చేస్తున్నాను." అక్షతలు, నీళ్ళు దీనికీ అలాగే వదలాలి.