చందమామ లేని పండక్కి

ఏమండీ,
ఈసారి వంటింట్లోంచి కాదు, కాగితం మీంచి పిలుస్తున్నాను.
కార్డు ముందు అచ్చేసిన "దీపావళి శుభాకాంక్షలు" షాపువాళ్లవి.
లోపలివి మాత్రం నావి.
చేతిరాత వంక పెట్టకుండా చదవండి.

మన పండగ వచ్చేదే అమావాస్య నాడు,
కాబట్టి మిమ్మల్ని చందమామతో పోల్చే వీల్లేదు.
చుక్కలతో పోలుద్దామా అంటే
టపాసుల పొగలో అవీ కనపడవు.
అందుకే మనింట్లో ఉన్నవాటితోనే సరిపెడుతున్నాను:
ఒక ప్రమిద,
కాస్త గాలి,
మీ చెయ్యి.

పెళ్లైన కొత్తలో, మన మొదటి దీపావళికి
ప్రమిదలన్నీ స్కేలుతో కొలిచినట్టు
పిట్టగోడ మీద వరసగా పేర్చారు మీరు.
ఒకటి నేను కొంచెం పక్కకి పెడితే
ఏమీ అనకుండా వచ్చి సర్దేసి వెళ్లారు.
ఈ మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.
పన్నెండేళ్లయింది.
ఇప్పుడు వరస తప్పిన ప్రమిదని
మీకంటే ముందు నేనే సర్దుతున్నాను.

ఇక గేటు పక్క మూల దీపం.
అది ఏటా ఆరిపోతుంది,
ఏటా మీరు వెలిగిస్తారు.
పోయినేడు లెక్కపెట్టాను, ఐదు సార్లు.
"కాస్త ఇవతలికి జరపొచ్చు కదండీ" అంటే
"ఆ మూల చీకటిగా ఉంటే ఏం బావుంటుంది" అన్నారు
అగ్గిపుల్ల మీంచి చూపు తిప్పకుండానే.

ఐదోసారి
గొంతుక్కూర్చుని
రెండు అరచేతులూ దాని చుట్టూ దడిలా కట్టారు.
వేళ్ల సందుల్లోంచి వెలుగు ఎర్రగా కారింది.
బొటనవేలికి నూనె,
చొక్కా అంచుకి మసి
(అది రెండు ఉతుకులకీ పోలేదు, ఆ గొడవ ఇప్పుడొద్దు).
వత్తి ఒకసారి వణికి, నిలబడింది.
మీరు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలారు.

నూనె గిన్నెతో వెనకే నిలబడ్డ నేను
దీపాన్ని చూడటం ఎప్పుడో మానేశాను.
ఇద్దరు పిల్లల తల్లిని,
మొగుణ్ని ఇలా గుడ్లప్పగించి చూడటమేంటని
నాకే సిగ్గేసింది.
అంతలో మీరు తల తిప్పకుండా "నూనె" అన్నారు.
పోశాను.
ఆ రాత్రి మనం మాట్లాడుకున్నది ఇంచుమించు అంతే.

ఈ వేసవిలో నా ఉద్యోగం పోయింది కదా.
అంతా మన మంచికే అని మీరు అనలేదు,
ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు,
ఇంకోటి దొరుకుతుందిలే అని తొందరపెట్టలేదు.
టీవీ సౌండు తగ్గించి
పక్కన కూర్చున్నారు.
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.
ఎన్ని రోజులో ఈసారి లెక్కపెట్టలేదు.
గాలి నా మీదికి రాకుండా
ఎవరో అడ్డంగా ఉన్నారని మాత్రం తెలిసేది.
అప్పుడు చెప్పలేకపోయాను.
అప్పుడు నోరు తెరిస్తే ఏడుపొచ్చేది.

కార్డు వెనక్కి వచ్చేశాను, చోటు అయిపోతోంది.
రాత్రి మూల దీపం దగ్గర పైకే అందామనుకున్న నాలుగు ముక్కలు
మీ ముందు నోరు పెగలదని ఇక్కడే రాసేస్తున్నాను:

గాలి తన పని తను చేసుకోనీ,
ఆరితే మళ్లీ వెలిగిద్దాం.
అగ్గిపెట్టె మీ చేతిలోనే ఉండనీ,
అడ్డంగా నా చేతులూ పెడదాం.

చివర్లో ఒక పెద్ద మాట రాసి కొట్టేశాను.
మీకు అలాంటివి ఇబ్బంది, నాకూ ఇబ్బందే.
వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే
గీతల కింద చదవడానికి వస్తుంది.
కావాలనే గట్టిగా కొట్టలేదు.

ఇట్లు,
మీరు "ఇదిగో" అని పిలిచే మనిషి

తా.క. పాత చొక్కా తీసి బయట పెట్టాను, సాయంత్రం అదే వేసుకోండి. ఈ కార్డు మాత్రం దాని జేబులో పెట్టుకుని మరిచిపోకండి, రేపు ఉతికేది నేనే.