సుబ్బూ, నీ రిపోర్టు చూశానే!

ఒసేయ్ సుబ్బూ, ఫోన్ ఎత్తవేం? ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ బిజీయే. సర్లే, ఊళ్ళో అందరూ ఒక్కసారే చేస్తుంటారు, మీ అత్తగారు నీ చేతిలోంచి ఫోన్ లాక్కుని దూరపు చుట్టాలకి కూడా చెబుతూ ఉండి ఉంటుంది. అందుకే రాస్తున్నాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువుకో, ఇవాళ నీకు ఎవరూ పని చెప్పరు.

నీ మెడ గడ్డకి రెండోసారి చేసిన సూది పరీక్ష రిపోర్టు, నువ్వు పంపిన ఆ ఫొటో 11 గంటలకి వచ్చింది. శ్రావణం పెళ్ళిళ్ళకని పక్కవీధి వాళ్ళు తొమ్మిది జాకెట్లు పడేసి వెళ్ళారు, మిషన్ మీద ఉన్నాను. తల్లీ, ఆ ఫొటో ఎలా తీశావే! వంకర కాగితం, పైన ఫ్యాన్ నీడ, అసలు చదవాల్సిన చివరి వరుస మీద నీ బొటనవేలు. పేరు కనిపిస్తోంది, వయసు కనిపిస్తోంది, డాక్టరు సంతకం కనిపిస్తోంది, కావలసిన ముక్క ఒక్కటీ కనపడదు. పెద్దది చేసి చూస్తే నీ గోరు మీద మిగిలిన గోరింటాకు ఎర్రగా కనిపించింది అంతే. ఆ వేలి పక్కనుంచి 'బెథెస్డా కేటగిరీ 2' అని తొంగిచూస్తోంది. అది చూసి నా గుండె జారిపోయింది. ఎందుకో చెబితే నవ్వుతావు. మొదటిసారి 1 వచ్చింది కదా, ఇప్పుడు 2 అంటే ఒక మెట్టు ఎక్కిందేమో అనుకున్నాను! మా ఆయన కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసి "రెండో దశా?" అన్నాడు మెల్లగా. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ నిమిషంన్నర ఎలా గడిచిందో నీకు చెప్పలేను.

అంతలోకి నీ వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏం లేదంటే పద్మా, ఏం లేదంట" అని రెండుసార్లు, ఆ తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు, వెనకాల మీ ఇంటి కోడిపుంజు. అదే పదిసార్లు విన్నాను. పుంజు కూత కూడా బాగుంది, ఏంచేయను.

తర్వాత మావాడు కాలేజీ నుంచి ఫోన్ చేసి విడమరిచి చెప్పాడు. బెథెస్డా అంటే అమెరికాలో ఓ ఊరంట, 2007లో డాక్టర్లంతా అక్కడ కూడి థైరాయిడ్ గడ్డల సూది పరీక్షలకి ఒక లెక్క పెట్టుకున్నారంట, ఒకటి నుంచి ఆరు దాకా. అవి జబ్బు దశలు కావు. 1 అంటే సూదిలో కణాలు చాల్లేదు, అంటే మంచీ లేదు చెడూ లేదు, చూడలేకపోయాం అని. 2 అంటే హానిలేని గడ్డ. మనం ఏడవాల్సింది ఆరు చూసి! కేటగిరీ 2 అన్న మాట ఎంత అందంగా ఉందో ఇప్పుడు, మా మిషన్ మీద సుద్దముక్కతో రాసేశాను.

నిజం చెప్పనా, ఆ మొదటి రిపోర్టు వచ్చిన రోజే నాకు ఎక్కువ కోపం వచ్చింది. గొంతులో సూది గుచ్చించుకుని, నాలుగు రోజులు అన్నం సయించక, తీరా చూస్తే 'శాంపిల్ సరిపోలేదు, మళ్ళీ చేయించండి' అని ఒక ముక్క. ఆ ల్యాబ్ అమ్మాయి అది ఫోన్లో కరెంటు బిల్లు చెప్పినట్టు చెప్పిందంట. డాక్టరుగారేమో కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేద్దామన్నారు. ఆయన మాటలో తప్పు లేదులే. కానీ ఆ వారాలు గడిపింది ఆయన కాదు కదా. లంకల్లో వాళ్ళు వరదలప్పుడు గంటకోసారి "ధవళేశ్వరం దగ్గర ఎంతుంది?" అని అడుగుతారు చూడు, నేనూ అలాగే అయ్యాను. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఎగరేస్తారు, సరిగ్గా ఆ గీత దగ్గరే నీళ్ళు పెరగకుండా తగ్గకుండా నిలబడిపోతే ఎలా ఉంటుంది? సామాన్లు అటక మీద పెట్టాలో దించాలో తెలియదు. అట్టా ఉంది మన బతుకు ఇన్నాళ్ళూ. ఇవాళ నీరు తీసింది.

నీకు గుర్తుందా, ఇదంతా ఎలా మొదలైందో. రోహిణికార్తె, రోళ్ళు పగిలే ఎండ, అందరూ మెడ ఇంకో అంగుళం దించమని నా ప్రాణం తీస్తుంటే, నువ్వొక్కదానివి ఆ మెరూన్ గుడ్డ పట్టుకొచ్చి "క్లోజ్ నెక్ కుట్టవే, కాస్త పైకే రానీ" అన్నావు. ముప్పై ఏళ్ళుగా నీ జాకెట్లు కుడుతున్నాను, నీకు క్లోజ్ నెక్ ఏంటి? అనుమానం వచ్చింది కానీ అడగలేదు. టేపు మెడ చుట్టూ తిప్పుతుంటే కుడివైపు నా వేలికి తగిలింది. ఉసిరికాయంత. "గుటక వెయ్యి" అన్నాను. వేశావు. గోళీసోడాలో గోళీలాగా పైకెళ్ళి కిందికి దిగింది. "కొవ్వు గడ్డలే, పైట కప్పితే కనపడదు" అన్నావు నా కళ్ళలోకి చూడకుండా. అంటే నీకు అప్పటికే తెలుసు, ఎన్నాళ్ళ నుంచో తెలుసు, అద్దం ముందు నిలబడి తడుముకుంటూ ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకున్నావు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిన్ను ఒకటి వెయ్యాలనిపిస్తుంది. మర్నాడే అన్నయ్యని కూర్చోబెట్టి చెప్పి స్కాన్‌కి పంపించానని నా మీద రెండు రోజులు అలిగావు కూడా. 1.8 సెంటీమీటర్లు, 'టైరాడ్స్ 4', అంటే కాస్త అనుమానించాల్సిన గడ్డే అని స్కాన్‌లో వచ్చాక అలక మానేసి మాటలే మానేశావు.

ఇంకోటి నేను ఒప్పుకోవాలి, ఇవాళైతేనే ఒప్పుకోగలను. ఆ మొదటి సూది తర్వాత రెండు వారాలు నీ దగ్గరికి రాలేదు నేను. జాకెట్లు ఎక్కువున్నాయన్నాను, మా మావగారికి బాగోలేదన్నాను. అదేం కాదు. రాజోలు నుంచి పాలకొల్లు ఎంత దూరమే, చించినాడ వంతెన దాటితే వచ్చేస్తాను. ఒకరోజు బయల్దేరాను కూడా, వంతెన మీదకి వచ్చాక కింద వశిష్ఠ ఎర్రనీళ్ళతో పోతుంటే చూసి కాళ్ళాడక, దిండి దాకా వెనక్కి తిరిగి ఆటో ఎక్కేశాను. నీ ఎదురుగా కూర్చుని ఏడవకుండా ఉండలేనని భయం. నువ్వేమో ఫోన్లో మీ బుజ్జి మార్కులూ, కొబ్బరికాయ రేటూ, నవ్వుతూ అన్నీ మాట్లాడావు. ధైర్యం చెప్పాల్సినదాన్ని నేను దాక్కున్నాను, భయపడాల్సినదానివి నువ్వు నన్ను నవ్వించావు. తప్పే. తిట్టు, పడతాను.

దాక్కున్నాను గానీ ఖాళీగా లేను. నీకు చెప్పలేదు, వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. ప్రతి శనివారం తెల్లారకుండా లేచి, రావులపాలెం మీదుగా వెళ్ళి, ఆ జనంలో ఏడు ప్రదక్షిణలు. ఐదు వారాలయ్యాయి. ఒకసారి లొల్ల లాకుల దగ్గర వాన పట్టుకుంది, తడిసి ముద్దయి తిరిగాను, మా ఆయనకి మాత్రం అనుమానం రాలేదు, 'భక్తి ముదిరింది' అనుకున్నాడు. రెండు వారాలు బాకీ ఉన్నాయి. పని అయిపోయింది కదా అని ఎగ్గొడితే స్వామి ఊరుకోడు, అందుకని ఈ శనివారం నువ్వూ నాతో వస్తున్నావు. ఆఖరి వారం కూడా.

ఇక వీధిలో ఉన్న డాక్టర్లందరి సంగతీ నాకు వదిలెయ్. క్యాబేజీ మానెయ్యమన్న ఆవిడ, మెడకి ఏదో ఆకు రుబ్బి కట్టమన్న ఆవిడ, 'మా తోడికోడలి మేనత్తకి కూడా ఇలాగే చిన్నగానే మొదలైంది' అని నీ ఎదురుగానే కళ్ళు తుడుచుకున్న ఆవిడ. ఆ మేనత్త కథ చెప్పిన మనిషి రేపు జాకెట్టుకి వస్తుంది నా దగ్గరకి. చేతులు బిగుతుగా కుడతాను, చూసుకో.

నువ్వు మాత్రం ఒక పని చెయ్యి. డాక్టరుగారు ఏడాదికి మళ్ళీ స్కాన్ చేయించమన్నారన్నావు కదా, ఆ తారీకు క్యాలెండర్ మీద రాసి అక్కడితో వదిలెయ్. పెరిగితేనో గొంతుకి ఇబ్బంది అనిపిస్తేనో ముందే వెళ్దాం, నేను తీసుకెళ్తాను, ఈసారి వంతెన మీద నుంచి వెనక్కి తిరగను. ఈలోపు గంటకోసారి మెడ తడుముకోవద్దు. నాకు తెలుసు, ఇది చదువుతూ కూడా నీ చెయ్యి అక్కడే ఉంది. తియ్యి. తీశావా? నువ్వు ఇవాళ రాత్రి నిద్రపోకుండా ఏడ్చినా పర్వాలేదు, రిపోర్టు మంచిది వచ్చాక ఏడుపేంటని అన్నయ్య అంటే నా పేరు చెప్పు. నేను మధ్యాహ్నం నుంచి రెండుసార్లు ఏడ్చాను, కుడిచెయ్యి తీసుకెళ్ళి ఎడమవైపు కుట్టేశాను, ఇప్పుడే విప్పి మళ్ళీ కూర్చున్నాను.

శనివారం గుడి అయ్యాక ఆత్రేయపురం పక్కనే కాబట్టి మీ బుజ్జికి పూతరేకులు తీసుకుందాం. రాత్రికి మా ఇంట్లోనే పడుకో. ఆదివారం చేపల పులుసు. పులస అడక్కు, ఈ ఏడు రేటు వింటే మళ్ళీ మనిద్దరికీ స్కాన్లు కావాలి. అయినా మా ఆయన రేవు దగ్గర ఎవరితోనో చెప్పి ఉంచాడంట, దొరికితే నీ అదృష్టం, లేకపోతే కొర్రమీను. ఏదైనా శనివారం రాత్రే మట్టిదాకలో పెట్టేస్తాను, నీసు రోజు మారాక ముట్టుకోవచ్చులే, పులుసు ఊరాలి కదా. శ్రావణం వచ్చేసిందంటే మీ అత్తగారు నెల్లాళ్ళు చేప పేరెత్తనివ్వదు, అందుకే ఈ ఆదివారం తప్పితే మళ్ళీ కుదరదు.

వచ్చేటప్పుడు ఆ మెరూన్ జాకెట్టు పట్టుకురావడం మర్చిపోకు. ఒక్కసారైనా వేసుకున్నావో లేదో కూడా నాకు తెలియదు. మెడ పైకి కుట్టింది కిందికి దించడం నాకు పది నిమిషాల పని, కత్తెర పెట్టి నీ కళ్ళముందే దించేస్తాను, ఎంత దించాలో నువ్వే చెప్పు. వరలక్ష్మీ వ్రతానికి అదే వేసుకుందువుగాని.

నీ పద్మ