భీమవరం రొయ్యల కంపెనీలో అమ్మాయికి ఉద్యోగం: నమ్మొచ్చా, నిలుస్తుందా?

ప్రశ్న

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది, ట్యాలీ కూడా నేర్చుకుంది. భీమవరం శివార్లలో ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంటుగా తీసుకుంటామన్నారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, పెట్టి నాలుగేళ్లయిందట. జీతం నెలకు 17,000. మొదటి ఆరు నెలలు ట్రైనింగ్ కాబట్టి పీఎఫ్ ఉండదంటున్నారు. డిగ్రీ ఒరిజినల్ వాళ్ల దగ్గర పెట్టాలట, రెండేళ్లు మానకూడదని బాండు రాయాలట. డబ్బులైతే ఏమీ అడగలేదు. ఆఫీసు గోడకు ఐఎస్ఓ, ఉద్యమ్ సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి పెట్టారు. వచ్చే సోమవారమే చేరమంటున్నారు. ఇది అసలైన కంపెనీయేనా, నాలుగు రోజులు నిలిచే ఉద్యోగమేనా, ఎలా తెలుసుకోవాలి?

జవాబు: జీతాలు, పీఎఫ్ లెక్కలు చూసే కన్సల్టెంటు

ముందుగా ఆ ఫ్రేముల సంగతి వదిలేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ యజమాని తనంతట తాను వివరాలు నింపుకుంటే ఉచితంగా వచ్చేస్తుంది. ఐఎస్ఓ కాగితాలు అమ్మే ఏజెంట్లూ ఉన్నారు. డబ్బు అడగలేదన్నది మంచి మాటే, ఎందుకంటే రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అంటూ వసూలు చేసేవాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లే. కానీ మోసం కాకపోవడం వేరు, ఉద్యోగం నిలబడడం వేరు. రెండోది తెలియాలంటే కంపెనీ నెలనెలా ఏం కడుతోందో చూడాలి.

epfindia.gov.in లో Establishment Search అనే పేజీ ఉంటుంది. అక్కడ కంపెనీ పేరు కొట్టి, View Payment Details తెరవండి. ఏ నెల జీతానికి ఎంత పీఎఫ్ కట్టారు, ఏ తేదీన కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నది వరసగా వస్తుంది. పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. ప్రతి నెలా 12, 14, 15 తేదీలు కనిపిస్తే చేతిలో డబ్బు ఆడుతున్నట్టే. మూడు నెలల బాకీ ఒకే రోజు కట్టి ఉంటే జీతాలు కూడా ఆలస్యమవుతూ ఉండొచ్చు. ఏడాదిలో మనుషుల సంఖ్య 60 నుంచి 25కి పడితే ఎందుకని అడగాల్సిందే. అయితే ప్రాసెసింగ్ షెడ్డులో పనిచేసేవాళ్లు చాలాచోట్ల కంపెనీ కింద కాకుండా కాంట్రాక్టరు పీఎఫ్ కోడ్ కింద ఉంటారు. సంఖ్య తక్కువగా ఉందని ఒక్కసారిగా బెదిరిపోకండి, ఏడాది పొడుగునా ఎలా మారిందో చూడండి. ఇరవై మంది, ఆపైన పనిచేసే సంస్థకు పీఎఫ్ తప్పనిసరి. అంతమంది ఉండీ పేరే దొరకకపోతే అక్కడితో ఆగిపోండి.

ట్రైనింగ్‌లో పీఎఫ్ లేదన్న మాట చెల్లదు. అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టర్ చేయించి తీసుకుంటే మినహాయింపు ఉంటుంది. అలా కాకుండా మొదటి రోజు నుంచే బిల్లులు ఎంట్రీ చేయిస్తూ ట్రైనీ అని పిలిస్తే, ఆ అమ్మాయి ఉద్యోగే. “అప్రెంటిస్ ఒప్పందం కాపీ ఇస్తారా అండి?” అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నతోనే చాలామంది పీఎఫ్‌కు ఒప్పుకుంటారు.

17,000 అంటే ఏ 17,000? కోతలకు ముందు లెక్క, అంటే గ్రాస్ అయితే, పీఎఫ్ 15,000 మీద లెక్కవేసి 1,800, ఈఎస్ఐ 128, వృత్తి పన్ను 150 పోగా చేతికి 14,922 వస్తుంది. కంపెనీ వాటా కూడా కలిపిన సీటీసీ అయితే గ్రాస్ 14,600 చిల్లరే. పీఎఫ్ మొత్తం గ్రాస్ మీద కోస్తే చేతికి 12,700 పైచిలుకు. చేరాక గొడవలన్నీ ఇక్కడే వస్తాయి, అందుకే అపాయింట్‌మెంట్ లెటర్లో విడివిడిగా రాయించుకోండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. వాట్సాప్ మెసేజి దానికి సాటిరాదు.

ఒరిజినల్ ఇవ్వొద్దు. చూపించి, జిరాక్సు మీద సంతకం పెట్టి ఇస్తే చాలు. ఒరిజినల్ వాళ్ల బీరువాలో ఉంటే మానాలనుకున్న రోజున బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. బాండులో రెండేళ్లు అన్నదానికన్నా, ముందే మానితే ఎంత కట్టాలి, ఏ శిక్షణకు ఆ ఖర్చు అన్నది చదవండి. మూడు నెలల జీతం దాటిన మొత్తం రాసి ఉంటే, పైగా చెప్పుకోదగ్గ శిక్షణే లేకపోతే ఒప్పుకోవద్దు. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇక అకౌంట్స్ ఉద్యోగమంటే ప్రత్యేకంగా చెప్పాల్సిన ప్రమాదం ఒకటుంది. కొన్నిచోట్ల కొత్తగా చేరిన అమ్మాయిల ఆధార్, పాన్ పెట్టి వాళ్ల పేరు మీదే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీస్తారు, లేదా వాళ్ల బ్యాంకు ఖాతాలోకి డబ్బు వేయించి తిరిగి తీసుకుంటారు. రేపు నోటీసు వచ్చేది అమ్మాయికే. పీఎఫ్, ఈఎస్ఐ, జీతం ఖాతా కోసం కాపీలు ఇవ్వొచ్చు. ఓటీపీ మాత్రం ఎందుకో తెలియకుండా ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పండి. “నా ఖాతాలో వేసి మళ్లీ పంపెయ్ అమ్మా” అన్న రోజే మీకు ఫోన్ చేయమనండి.

మరో మాట: ఎగుమతి యూనిట్ల పద్దులు చూసే అకౌంటెంటు

పై వివరాలకు తోడు mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా చూడండి. Active అని ఉండడం ఒక్కటే చాలదు, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిదో చూడాలి. రెండేళ్లుగా వేయకపోతే అనుమానించాలి. ఆస్తులు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులు చూపే ఛార్జెస్ వరసలో బ్యాంకు పేరుంటే అప్పుందని కంగారుపడొద్దు. ఒక బ్యాంకు వాళ్ల లెక్కలు చూసే డబ్బిచ్చిందని అర్థం. gst.gov.in లో Search Taxpayer దగ్గర వాళ్ల జీఎస్టీ నంబరు కొట్టండి. ఆంధ్రా నంబరైతే 37తో మొదలవుతుంది. రిటర్నులు ఏ తేదీల్లో వేశారో అక్కడే కనిపిస్తుంది.

రొయ్యల వ్యాపారానికి తనదైన ఎత్తుపల్లాలున్నాయి. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ ఒక్క దేశానికే పంపేవాళ్లు ఎక్కువ ఇరుక్కున్నారు. ఏయే దేశాలకు పంపుతారు, సొంత ప్లాంటుకు ఎగుమతి సరుకు నాణ్యత తనిఖీ చేసే ఈఐఏ ఆమోదం, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని ఇంటర్వ్యూలో అడిగితే తప్పుగా అనుకోరు. అకౌంట్స్ పిల్ల అలా అడిగితే మురిసిపోతారు కూడా.

చేరేముందు ఒక సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు గేటు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడి, లోపల పనిచేసేవాళ్లను “జీతం ఏ తారీఖున పడుద్దండి?” అని అడగండి. నెలకో తారీఖు చెప్తే అర్థం చేసుకోవచ్చు. చెరువు రైతులకు బాకీలున్నాయేమో కూడా అక్కడే తెలుస్తుంది. రైతుల డబ్బు ఆపే కంపెనీ తర్వాత ఆపేది జీతాలే.

ప్రతి నెలా 11, 20 తేదీల్లో జీఎస్టీ రిటర్నులు వేయాలి కాబట్టి ఆ రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. ఆ రాత్రుల్లో ఇంటికి వాహనం పంపుతారా అడగండి. పదిమంది, ఆపైన పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, సభ్యుల పేర్లు కనబడేలా పెట్టాలి. ఆ బోర్డు ఉందో లేదో, ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉందో లేదో అమ్మాయినే చూసి రమ్మనండి.

సోమవారం తొందరేమీ లేదు. ఒరిజినల్ తీసుకోకుండా, పీఎఫ్‌తో లెటర్ ఇస్తే చేర్చొచ్చు. చేరాక పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు తీసుకుని, రెండో నెల 20 తర్వాత ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడమనండి. జీతంలో కోసిన 1,800 అందులో కనపడకపోతే వెంటనే అకౌంట్స్ మేనేజరును లిఖితపూర్వకంగా అడగాలి, నెలలు గడవనివ్వకూడదు.