40 మీటర్ల గ్రావిటీ డ్యామ్ సెక్షన్: ఓవర్‌టర్నింగ్, స్లైడింగ్ చెక్ (అప్‌లిఫ్ట్‌తో)

సెక్షన్ ఇది: ఎత్తు 40 మీ, పైన వెడల్పు 5 మీ, బేస్ 32 మీ, అప్‌స్ట్రీమ్ ఫేస్ నిట్టనిలువు, డౌన్‌స్ట్రీమ్ ఫేస్ క్రెస్ట్ నుంచి టో దాకా ఒకే స్లోప్. నీళ్లు 38 మీ, టెయిల్ వాటర్ లేదు. కాంక్రీట్ 24, నీళ్లు 9.81 kN/m³, బేస్ దగ్గర ఫ్రిక్షన్ 0.7. లెక్కంతా ఒక మీటర్ పొడవుకి, మొమెంట్లన్నీ టో చుట్టూ. భూకంపం, సిల్ట్, అలలు ఇందులో లేవు, అవి వేరే షీట్‌లో వస్తాయి.

ముందు బరువు. నిలువు ముక్క 5×40×24 = 4800 kN, టో నుంచి 29.5 మీ. త్రిభుజం ముక్క 0.5×27×40×24 = 12960 kN, టో నుంచి 18 మీ. మొత్తం 17760 kN, నిలబెట్టే మొమెంట్ 374880 kN·m.

నీళ్ల తోపు:

```
P  = 0.5 × 9.81 × 38² = 7083 kN
Mp = 7083 × 38/3 = 89716 kN·m
```

ఇక అప్‌లిఫ్ట్. ముందు డ్రైన్లు లేవనుకుని చూశా, ఎందుకంటే డ్రైన్లు ఏళ్లు గడిచేకొద్దీ కాల్షియంతో పూడుకుపోతాయి, ఆ రోజు కూడా డ్యామ్ నిలబడాలి కదా. హీల్ దగ్గర 372.8 kPa, టో దగ్గర సున్నా, మధ్యలో సరళరేఖ.

```
U  = 0.5 × 372.8 × 32 = 5964 kN
Mu = 5964 × 21.33 = 127242 kN·m
```

అంటే డ్యామ్ బరువులో మూడో వంతు నీళ్లే కింద నుంచి ఎత్తేస్తున్నాయి. ఫ్రాన్స్‌లో బూజే డ్యామ్ 1895లో కూలింది, ఈ అప్‌లిఫ్ట్‌ని డిజైన్‌లో లెక్కేయకుండా కట్టిన డ్యామ్ అది.

ఓవర్‌టర్నింగ్: 374880 / (89716 + 127242) = 1.73. 1.5 దాటింది కాబట్టి ఓకే. కానీ ఈ నంబర్‌ని నేను పెద్దగా నమ్మను, అప్‌లిఫ్ట్ మొమెంట్‌ని కింద కలపకుండా పై నుంచి తీసేస్తే అదే డ్యామ్‌కి 2.76 వస్తుంది, డ్యామ్‌లో ఏమీ మారలేదు, మనం రాసే పద్ధతే మారింది. అందుకే రిజల్టెంట్ ఎక్కడ పడుతుందో చూడాలి, అది ఏ పద్ధతిలో రాసినా మారదు. నెట్ నిలువు 11796 kN, నెట్ మొమెంట్ 157922, భాగిస్తే టో నుంచి 13.39 మీ, e = 2.61 మీ. B/6 = 5.33, కాబట్టి మిడిల్ థర్డ్ లోపలే ఉంది. టో దగ్గర 549, హీల్ దగ్గర 188 kPa, రెండూ కంప్రెషనే, హీల్‌లో పగులు తెరుచుకోదు. ఓవర్‌టర్నింగ్ విషయంలో నిశ్చింత.

అసలు విషయం స్లైడింగ్‌లో ఉంది. 0.7×11796/7083 = 1.17. ఫ్రిక్షన్ ఒక్కటే తీసుకుంటే 1 దాటింది గానీ మార్జిన్ చాలా తక్కువ. ఇప్పుడు వరదొచ్చి నీళ్లు క్రెస్ట్ దాకా, అంటే 40 మీ వరకు ఎక్కాయనుకోండి. తోపు లోతు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 7848 అయింది, అప్‌లిఫ్ట్ 6278, నెట్ నిలువు 11482, స్లైడింగ్ 1.02. రెండు మీటర్ల నీళ్లకి ఉన్న మార్జిన్ దాదాపు అంతా పోయింది. అదే కేసులో ఓవర్‌టర్నింగ్ మాత్రం 1.57, e 4.13 మీ, హీల్ ఇంకా కంప్రెషన్‌లోనే. ఓవర్‌టర్నింగ్ నంబర్ ఒక్కటే చూసి సెక్షన్ పాస్ చేసేవాళ్లు ఈ తేడాని గమనించాలి, ఇలాంటి సెక్షన్ బోర్లా పడే ముందు జారుతుంది.

హీల్ నుంచి 6 మీ దగ్గర డ్రైన్ లైన్ పెట్టి, అక్కడ ప్రెషర్ హెడ్‌లో మూడో వంతుకి పడుతుందని తీసుకుంటే 38 మీ నీళ్లకి అప్‌లిఫ్ట్ 5964 నుంచి 3107కి దిగుతుంది, స్లైడింగ్ 1.45, e 1.45 మీ. వరద కేసులో కూడా 1.29 వస్తుంది. బేస్‌ని 34 మీ చేసి డ్రైన్లు లేకుండా వదిలేస్తే ఎంతొస్తుందో కూడా చూశా: వరదకి 1.07, అదీ మీటర్ పొడవుకి 40 m³ కాంక్రీట్ అదనంగా పోశాక. వెడల్పు పెరిగితే అప్‌లిఫ్ట్ పట్టే ఏరియా కూడా పెరుగుతుంది, అందుకే లాభం అంత చిన్నది.

కోహెజన్ 600 kPa తీసుకుంటే డ్రైన్లు లేని వరద కేసులో షియర్ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 3.47 వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ 600 ఇంకా కోర్ టెస్ట్ చేసి తెచ్చింది కాదు, 3.47లో 2.45 దాని వాటానే. అందుకని దాని మీద ఆధారపడి సెక్షన్‌ని ఒప్పుకోను.

కాబట్టి 32 మీ బేస్ ఉంచుతున్నా, డ్రైన్లు పనిచేస్తాయనే షరతుతో. డ్రాయింగ్‌లో గ్యాలరీ నుంచి ప్రతి డ్రైన్‌ని మళ్లీ డ్రిల్ చేసి శుభ్రం చేసేంత హెడ్‌రూమ్ చూపించండి, డ్రైన్ లైన్‌కి రెండు పక్కలా పీజోమీటర్లు వేయండి. కాంటాక్ట్ ప్లేన్ కోర్లు వచ్చాక 0.7నీ 600నీ మార్చి ఈ షీట్ మళ్లీ నడుపుతా, అప్పటిదాకా ఫౌండేషన్ లెవెల్ ఫైనల్ అని ఎవరికీ చెప్పకండి.